చనిపోయిన వారి పేరు మీద బండి: మూడు నెలల గడువు నిజానికి ఎన్ని రోజులు?

క్లుప్తంగా: యజమాని చనిపోయిన రోజునే బండి ఇన్సూరెన్స్ రద్దు కాదు. చనిపోయిన తేదీ నుంచి మూడు నెలల వరకు, లేదా పాలసీ గడువు ముగిసే వరకు, ఈ రెండింటిలో ఏది ముందొస్తే అప్పటిదాకా అది నడుస్తుంది. ఆర్సీ విషయంలోనూ మూడు నెలల వెసులుబాటు ఉంది కానీ, ముప్పై రోజుల్లోపు ఆర్టీఏకు రాసి తెలిపిన వారికే అది వర్తిస్తుంది. చాలా ఇళ్లలో ఇబ్బంది తెచ్చేది ఈ మూడు నెలలు కాదు, మధ్యలో వచ్చిపడే పాలసీ ముగింపు తేదీ. చనిపోయిన వారి పేరు మీదే ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

ఇంటి పెద్ద పోయాక భూమి పట్టా, బ్యాంకు ఖాతా, పింఛను గుర్తొచ్చినంత త్వరగా వాకిట్లో నిలిపిన కారు గుర్తురాదు. తాళం చెవి ఇంట్లోనే ఉంటుంది, బండి నడుస్తూనే ఉంటుంది, పాలసీ కాగితం మీద ఇంకా తేదీ మిగిలి ఉంటుంది. కాబట్టి అంతా సరిగ్గానే ఉందనిపిస్తుంది. ఏదైనా ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి, పాలసీలో ఉన్న పేరు గల మనిషి ఎక్కడని అడిగిన రోజునే లోటు బయటపడుతుంది.

ఉమ్మడి నల్గొండ, ఉమ్మడి పాలమూరు జిల్లాల్లో దీనికి మరో చిక్కు తోడవుతుంది. పిల్లలు హైదరాబాద్‌లో ఉంటారు, బండి ఊళ్లో ఉంటుంది. 2016లో జిల్లాలు విడిపోవడంతో, ఒకప్పుడు ఏపీ 22 నంబరుతో మహబూబ్‌నగర్‌లో రిజిస్టరైన బండి ఇప్పుడు నాగర్‌కర్నూల్ లేదా వనపర్తి జిల్లా ఇంట్లో ఉండొచ్చు. ఏపీ 24 బండ్ల సంగతీ అంతే, అవి సూర్యాపేటలోనో భువనగిరిలోనో తిరుగుతుంటాయి. ఇలాంటప్పుడు ఏ ఆఫీసుకు పోవాలన్నది మొదటి ప్రశ్న. మోటారు వాహనాల చట్టం, 1988లోని 50వ సెక్షన్ ప్రకారం బండి ఎవరి చేతికొచ్చిందో వారి నివాసం లేదా బండి మామూలుగా ఉండే చోటు ఏ ఆర్టీఏ పరిధిలోకి వస్తే అక్కడ దరఖాస్తు చేయాలి. బండి మొదట ఎక్కడ రిజిస్టరైందన్నది ముఖ్యం కాదు. రాష్ట్రంలోనే ఉన్నంతవరకు పేరు మారినా నంబరు మారదు.

ఆ రెండు ‘మూడు నెలల’ గడువులు ఒకటి కావు

ఆర్సీకీ మూడు నెలలే, ఇన్సూరెన్స్‌కూ మూడు నెలలే అని వింటాం. రెండూ చనిపోయిన తేదీ నుంచే లెక్క. అయితే వాటి షరతులు వేరు.

ఆర్సీ సంగతి కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 56వ నియమంలో ఉంది. యజమాని చనిపోయాక బండి చేతికొచ్చిన వ్యక్తి, తన పేరు మీదకు మారినట్టే భావించి దాన్ని మూడు నెలలు వాడుకోవచ్చు. కాకపోతే యజమాని చనిపోయిన సంగతినీ, బండిని తాను వాడుకోదలచిన సంగతినీ ముప్పై రోజుల్లోపు ఆర్టీఏకు తెలియజేయాలి. ఆ మూడు నెలలు ముగిసేలోపు ఫారం 31లో పేరు మార్పు దరఖాస్తు పెట్టాలి. దాంతోపాటు మరణ ధ్రువపత్రం, ఆర్సీ, ఇన్సూరెన్స్ పత్రం, ఫీజు ఇవ్వాలి. చాలామంది ఫారం 31 గురించి తెలుసుకుంటారు కానీ ముప్పై రోజుల లేఖ గురించి వినరు. ఆ లేఖ లేకుంటే మూడు నెలల వాడకానికి ఆధారమే ఉండదు.

ఇన్సూరెన్స్ సంగతి పాలసీ పుస్తకంలో చివరి షరతుల దగ్గర చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఏ కంపెనీ పాలసీ అయినా ఈ షరతు దాదాపు ఒకే మాటల్లో కనిపిస్తుంది. పాలసీదారు ఒక్కరే అయి వారు చనిపోతే పాలసీ వెంటనే రద్దు కాదు, చనిపోయిన తేదీ నుంచి మూడు నెలలు లేదా పాలసీ ముగిసే తేదీ, ఏది ముందైతే అంతవరకు ఉంటుంది. ఆ లోపల వారసులు పాలసీని తమ పేరు మీదకు మార్చమని అడగొచ్చు, లేదా కొత్త పాలసీ తీసుకోవచ్చు. అందుకు మరణ ధ్రువపత్రం, బండి మీద హక్కు చూపే రుజువు, అసలు పాలసీ కాగితం జతచేయాలి.

తేడా ఇక్కడే ఉంది. ఇన్సూరెన్స్ షరతులో ముప్పై రోజుల లేఖ ప్రస్తావన లేదు. కాబట్టి ఆర్టీఏకు రాయనంత మాత్రాన పాలసీ పోదు. కానీ ‘ఏది ముందైతే అది’ అన్న మాట ఆర్టీఏ నియమంలో లేదు, పాలసీలో ఉంది. యజమాని పోయిన ఇరవై రోజులకే పాలసీ ముగిసేదుంటే ఆ కుటుంబానికి ఉన్నది మూడు నెలలు కాదు, ఇరవై రోజులే.

దినాలు, మాసికాలు లెక్కపెట్టుకునే ఇళ్లలో దీన్ని గుర్తుంచుకోవడం తేలిక. నెల మాసికం తిథిని బట్టి సుమారు ఇరవై తొమ్మిది, ముప్పై రోజులకు వస్తుంది. ఆ మాసికం లోపు ఆర్టీఏకు లేఖ చేరాలి. మూడో నెల మాసికం తర్వాత ఫారం 31కి మూడు నాలుగు రోజులకు మించి మిగలదు.

ఒక కేసు, తేదీలతో

దేవరకొండ దగ్గర ఒక ఊరు. 2019 ఆగస్టులో కొన్న టీఎస్ 05 నంబరు కారు, అప్పు లేదు. యజమాని 2025 జూన్ 10న అనారోగ్యంతో చనిపోయారు. భార్య, కొడుకు, పెళ్లయిన కూతురు, యజమాని తల్లి ఉన్నారు. కారు పాలసీ ఆగస్టు 2 అర్ధరాత్రితో ముగుస్తుంది. ఐదేళ్లుగా క్లెయిమ్ లేదు కాబట్టి ప్రీమియంలో తగ్గింపునిచ్చే నో క్లెయిమ్ బోనస్ 50 శాతానికి చేరింది. కారు కొడుకు వాడుకోవాలని అందరూ అనుకున్నారు.

ఇక తేదీలు చూద్దాం. మరణ నమోదుకు రుసుము లేని గడువు 21 రోజులు, అంటే జూలై 1. ఊళ్లో అయితే పంచాయతీ కార్యదర్శి దగ్గర, పట్టణంలో అయితే మున్సిపాలిటీలో నమోదు చేయించాలి. ఆర్టీఏకు లేఖ జూలై 10 లోపు చేరాలి. పాలసీ ఆగస్టు 2న ముగుస్తుంది. ఫారం 31కి చివరి గడువు సెప్టెంబర్ 10. కాగితం మీద మూడు నెలలు కనిపిస్తున్నా, ఇన్సూరెన్స్ వరకు ఈ ఇంటికి ఉన్నవి 53 రోజులే.

ఈ 53 రోజుల్లో జరగాల్సిన పనులు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. మరణ ధ్రువపత్రం వస్తేనే మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయగలరు. అది తహసీల్దార్ ఆఫీసు నుంచి, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ విచారణ అయ్యాకే వస్తుంది, అడిగిన రోజున చేతికొచ్చేది కాదు. ఆ సర్టిఫికెట్‌లో ఉన్న మిగతా వారసులంతా కారు కొడుకు పేరు మీదకు మారడానికి అభ్యంతరం లేదని అఫిడవిట్ రాసి, నోటరీ చేయించి ఇవ్వాలి. అవన్నీ చేతికొచ్చాక రవాణా శాఖ వెబ్‌సైట్‌లో స్లాట్ తీసుకుని ఆర్టీఏకు వెళ్లాలి. పెండింగ్ చలాన్లు ఉంటే ముందే కట్టుకోవడం మంచిది, లేకుంటే స్లాట్ రోజున వెనక్కి తిరగాల్సి రావొచ్చు.

అఫిడవిట్ దగ్గర రెండు సంతకాలు తరచూ మరిచిపోతారు. ఒకటి పెళ్లయిన కూతురిది, రెండోది యజమాని తల్లిది. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం వీలునామా లేకుండా మగ మనిషి చనిపోతే మొదటి తరగతి వారసుల్లో భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు తల్లి కూడా ఉంటుంది. తండ్రి ఆ తరగతిలో లేరు. ఈ కేసులో నలుగురిదీ సమాన వాటా, తలా పావు. ‘నాయనమ్మ సంతకం ఎందుకు’ అనుకుని ముగ్గురితో రాసిన అఫిడవిట్ వెనక్కి వచ్చిందంటే పది రోజులు పోయినట్టే. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వారి వారి వారసత్వ చట్టాలు వేరుగా ఉంటాయి, కాబట్టి సంతకాల జాబితా కూడా మారుతుంది. వారసుల్లో మైనర్ ఉంటే వారి తరఫున ఎవరు సంతకం పెట్టాలో అఫిడవిట్ రాయించే ముందే ఆర్టీఏలో అడిగి తెలుసుకోవాలి.

ఆర్టీఏ ఇన్సూరెన్స్ అడుగుతుంది, ఇన్సూరెన్స్ ఆర్సీ అడుగుతుంది

ఈ కేసులో ఆగస్టు 2 నాటికి ఆర్సీ ఇంకా తండ్రి పేరు మీదే ఉందనుకుందాం. నిజ జీవితంలో జరిగేది చాలావరకు ఇదే. కొడుకు పాలసీ రెన్యువల్‌కు వెళితే, ఆర్సీ మీ పేరు మీద లేదుగా అంటారు. ఆర్టీఏకు వెళితే, చెల్లుబాటయ్యే ఇన్సూరెన్స్ తీసుకురండి అంటారు. ఈ రెండు కిటికీల మధ్య తిరిగి తిరిగి విసిగిపోయి, చివరికి ఫోన్‌లో రెండు నిమిషాల్లో తండ్రి పేరు మీదే రెన్యువల్ చేసేస్తారు. డబ్బు కడితే పాలసీ వస్తుంది, పీడీఎఫ్ వస్తుంది, ఎస్సెమ్మెస్ కూడా వస్తుంది. వెబ్‌సైట్ ఎవరు బతికున్నారో చూడదు కదా.

ఆ పీడీఎఫ్‌తో రోడ్డు మీద ఆపిన పోలీసును దాటిపోవచ్చు. క్లెయిమ్ దగ్గర మాత్రం అది నిలవదు. చనిపోయిన మనిషి కొత్తగా ఒప్పందం చేసుకోలేరు. పైగా పాలసీదారు చనిపోయిన సంగతి దాచినట్టవుతుంది, సొంత బండి నష్టానికి అడిగే ఓన్ డ్యామేజ్ క్లెయిమ్‌ను తిరస్కరించడానికి కంపెనీకి అది చాలు. మూడు నెలల షరతు పాత పాలసీకి వర్తించేది. చనిపోయిన తర్వాత పుట్టిన పాలసీకి ఆ రక్షణ దొరకదు.

ఈ ముడి విప్పే మార్గం పాలసీ షరతులోనే ఉంది. పాలసీ మార్చుకోవడానికి లేదా కొత్తది తీసుకోవడానికి వారసుడి పేరుతో ఉన్న ఆర్సీయే కావాలని ఆ షరతు అనదు, హక్కు చూపే రుజువు అంటుంది. అందుకే పాలసీ ముగియడానికి కనీసం రెండు మూడు వారాల ముందే బ్రాంచికి స్వయంగా వెళ్లి రాతపూర్వకంగా అడగాలి. మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల అఫిడవిట్, ఆర్టీఏకు ఇచ్చిన లేఖ మీద పడిన ఇన్‌వర్డ్ ముద్ర, కొడుకు ఆధార్, పాన్ జతచేయాలి. 2023 జనవరి నుంచి ఇన్సూరెన్స్ పాలసీలకు కేవైసీ తప్పనిసరి, అది కూడా కొడుకుదే ఇవ్వాలి. ఇవన్నీ ఇచ్చి, పాత పాలసీని కొడుకు పేరు మీదకు ఎండార్స్‌మెంట్ చేయమనీ, ఆగస్టు 3 నుంచి కొత్త పాలసీ కూడా అదే పేరు మీద ఇవ్వమనీ కోరాలి. కుదరదంటే ఆ మాటను రాతలో ఇవ్వమని అడగాలి. కౌంటర్లో నోటితో తేలిగ్గా ‘కాదు’ అనే మనిషి కాగితం మీద రాయాల్సి వచ్చినప్పుడు షరతు తీసి చదువుతాడు.

అందుకే ఆర్టీఏ పని పూర్తయ్యాక ఇన్సూరెన్స్ చూద్దామనుకోవడం కన్నా, రెండు చోట్లా ఒకే వారంలో మొదటి లేఖ ఇవ్వడం మేలు. ఆర్టీఏ ముద్ర ఇన్సూరెన్స్ వాళ్లకు రుజువవుతుంది, ఇన్సూరెన్స్ కాగితం ఆర్టీఏకు పనికొస్తుంది. ఏజెంటుకు ఫోన్‌లో చెప్పడం మాత్రం కంపెనీకి తెలియజేసినట్టు కాదు.

లేఖకు పెద్ద భాష అక్కర్లేదు. ఈ మాత్రం సరిపోతుంది: ‘టీఎస్ 05 … నంబరు కారు యజమాని అయిన మా తండ్రి … గారు 10-06-2025న మరణించారు. సదరు వాహనం ప్రస్తుతం నా ఆధీనంలో ఉన్నది. 56వ నియమం ప్రకారం దానిని వాడుకొనుటకు, నా పేరు మీదకు మార్చుకొనుటకు ఉద్దేశించి ఈ విషయం తెలియజేస్తున్నాను. మరణ ధ్రువపత్రం, ఆర్సీ నకళ్లు జతపరిచాను.’ రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. నల్గొండ దాకా పోలేని వారు చేరిన రుజువు దొరికేలా స్పీడ్ పోస్టులో పంపొచ్చు. మరణ ధ్రువపత్రం ఇంకా రాకపోతే దరఖాస్తు రశీదు జతచేసైనా సరే ముప్పై రోజుల లోపే లేఖ పంపాలి.

మధ్య రోజుల్లో ప్రమాదం జరిగితే

పాలసీలో మూడు ముక్కలుంటాయి. యజమాని పోయాక ఒక్కో ముక్క ఒక్కోలా ప్రవర్తిస్తుంది, అయోమయమంతా అక్కడి నుంచే పుడుతుంది.

మొదటిది థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టం. పై కేసులో జూలై 20న ఎన్‌హెచ్ 65 మీద చిట్యాల దగ్గర కారు ఒక బైకును ఢీకొందనుకుందాం. పాలసీ అమల్లో ఉంది, కొడుకుకు లైసెన్స్ ఉంది. బాధితుడి పరిహారం కంపెనీ బాధ్యత. అదే ప్రమాదం ఆగస్టు 20న, రెన్యువల్ లేకుండా జరిగితే ట్రిబ్యునల్ వేసే పరిహారం కారు నడిపిన కొడుకు మీదా, తండ్రి వదిలిన ఆస్తి మీదా పడుతుంది. రికార్డుల్లో ఎవరి పేరుందో వారినే యజమానిగా చూడాలని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. ఆ పేరు గల వ్యక్తి లేనప్పుడు కేసు వారసుల గడప తొక్కుతుంది. ఇన్సూరెన్స్ లేకుండా నడిపినందుకు మోటారు వాహనాల చట్టంలోని 196వ సెక్షన్ కింద మొదటిసారికి 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉండొచ్చు. పరిహారం ముందు ఆ జరిమానా లెక్కలోకే రాదు.

రెండోది ఓన్ డ్యామేజ్, సొంత బండికి జరిగే నష్టం. ఇది కంపెనీకీ పాలసీదారుకూ మధ్య ఒప్పందం మాత్రమే. బండి చేతులు మారినప్పుడు థర్డ్ పార్టీ రక్షణ బండితో పాటు పోతుంది కానీ, సొంత నష్టం రక్షణ దానంతటది పోదని 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అది అమ్మకాల గురించిన తీర్పు అయినా తర్కం ఇక్కడా అదే. మూడు నెలల్లోపు జరిగిన నష్టాన్ని వారసత్వ రుజువులతో అడగొచ్చు. ఆ తర్వాత పాలసీలో తేదీ మిగిలి ఉన్నా పేరు మారకపోతే వారసుడికి అడిగే హక్కు ఉండదు. మార్చి 1న రెన్యువలై జూన్ 10న యజమాని పోయిన బండికి కాగితం మీద ఫిబ్రవరి దాకా పాలసీ ఉంటుంది. సెప్టెంబర్ 10 దాటాక సొంత నష్టం వరకు దానికి విలువ లేదు. ‘ఇంకా ఐదు నెలలుంది’ అనే ధీమా ఇలాంటి చోటే దెబ్బతీస్తుంది.

మూడోది అంతగా ఎవరూ చూడని భాగం, యజమాని కమ్ డ్రైవర్ వ్యక్తిగత ప్రమాద బీమా, 15 లక్షల రూపాయలు. ఇది దొరకాలంటే నడిపే వ్యక్తే రిజిస్టర్డ్ యజమాని కావాలి, పాలసీలో ఆయన పేరే ఉండాలి, ఆయనకు లైసెన్స్ ఉండాలి. ఈ మధ్య రోజుల్లో తండ్రి కారు నడుపుతున్న కొడుక్కి ప్రమాదం జరిగితే మూడు నెలలు దాటకపోయినా ఈ 15 లక్షలు రావు. పేరు మారేలోపు రోజూ బండి నడపక తప్పని వారు విడిగా ఒక వ్యక్తిగత ప్రమాద పాలసీ తీసుకోవడం తప్ప దీనికి మరో మందు లేదు.

ఇదే భాగానికి మరో పక్క కూడా ఉంది. యజమాని అనారోగ్యంతో కాక, ఆ బండి నడుపుతూ జరిగిన ప్రమాదంలోనే చనిపోతే 15 లక్షలు నామినీకి రావాలి. దెబ్బలు తగిలి ఆరు నెలల్లోపు వాటి వల్లే చనిపోయినా వర్తిస్తుంది. బండి పేరు మార్పు హడావిడిలో ఈ క్లెయిమ్‌ను మరిచిపోయే కుటుంబాలున్నాయి. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం నివేదిక, లైసెన్స్ నకలు ముందుగా భద్రపరచాలి.

పాలసీలో కనిపించే ఆ నామినీ పేరు కూడా కొంత తగాదా తెస్తుంది. అది 15 లక్షలు ఎవరికివ్వాలో చెప్పే పేరే, బండి ఎవరిదో చెప్పే పేరు కాదు. ఆర్సీలో నామినీని రాయించుకునే ఏర్పాటు వేరు, అది 2021లో వచ్చింది. అలా రాసి ఉంటే మరణ ధ్రువపత్రంతో నామినీ పేరు మీదకు రిజిస్ట్రేషన్ మార్చడం చాలా సులువవుతుంది.

ఎవరి పేరు మీదకు మార్చుకోవాలి

ఇళ్లలో సాధారణంగా అమ్మ పేరు మీద పెడదాం అంటారు. గౌరవానికీ, గొడవ రాకుండా ఉండడానికీ అది మంచి మాటే. కానీ అమ్మకు లైసెన్స్ లేకపోతే పైన చెప్పిన 15 లక్షల బీమా ఎవరికీ వర్తించదు. అమ్మ నడపదు, కొడుకు యజమాని కాదు. థర్డ్ పార్టీ, ఓన్ డ్యామేజ్ మాత్రం లైసెన్స్ ఉన్న వారెవరు నడిపినా మామూలుగానే పనిచేస్తాయి. రోజూ నడిపేది కొడుకే అయితే అతని పేరు మీద ఉండడంలో లాభం ఇదీ.

నో క్లెయిమ్ బోనస్ కూడా పేరును బట్టే ఉంటుంది. మామూలుగా ఆ బోనస్ మనిషిది, బండిది కాదు, బండి అమ్మితే కొన్నవారికి పోదు. మరణం విషయంలో మినహాయింపు ఉంది, బండి భార్యకో భర్తకో, పిల్లలకో, తల్లిదండ్రులకో వస్తే బోనస్ కూడా వారికి వస్తుంది. తమ్ముడికి, అల్లుడికి, మనవడికి రాదు. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000 రూపాయలనుకుంటే పై కేసులో కొడుకు 4,000 కడతాడు, అదే కారు బాబాయి పేరు మీదకు పోతే ఆయన మొత్తం 8,000 కట్టాలి. అయితే పాత పాలసీ ముగిశాక 90 రోజుల్లోపు రెన్యువల్ కావాలి. ఆగస్టు 2 నుంచి లెక్కేస్తే అక్టోబర్ 31. ఆ తేదీ దాటితే ఐదేళ్లు కూడబెట్టిన 50 శాతం పోతుంది. పైగా పాలసీకి విరామం వచ్చిందంటే కొత్త పాలసీ ఇచ్చేముందు బండిని చూడడానికి మనిషిని పంపుతారు, గీతలు, సొట్టలు రాసుకుని మరీ ఇస్తారు.

ఎవరికీ బండి అక్కర్లేదు, అమ్మేద్దాం అనుకున్నా ముందు ఒక వారసుడి పేరు మీదకు రావాల్సిందే. అమ్మకం కాగితాలైన ఫారం 29, 30 మీద చనిపోయిన వారి సంతకం తామే పెట్టేసి ఇవ్వమనే మధ్యవర్తులుంటారు. అది ఫోర్జరీ. కొన్న మనిషి పేరు మార్చుకోకుండా ఎక్కడో ప్రమాదం చేస్తే నోటీసు మళ్లీ ఇదే ఇంటికి వస్తుంది.

బైకులు, ట్రాక్టర్లు, అప్పు మీద బండ్లు

2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త బైకుకు ఐదేళ్లు, కొత్త కారుకు మూడేళ్లు థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. ఓన్ డ్యామేజ్ ఏటేటా వేరే కంపెనీలో కూడా తీసుకోవచ్చు. కాబట్టి ఒకే బైకుకు రెండు కంపెనీల్లో రెండు పాలసీలుండొచ్చు, రెండు చోట్లా పేరు మార్చాలి. బైకు డిక్కీలో, ఫోన్ మెయిల్లో రెండూ వెతికి చూడాలి. ఐదేళ్ల పాలసీలో నాలుగేళ్లు మిగిలి ఉన్నా మరణం తర్వాత మూడు నెలల షరతు దానికీ అదే.

ట్రాక్టర్ ఉన్న ఇళ్లలో మరిచేది ట్రాలీ. దానికి రిజిస్ట్రేషన్ వేరు, ఇన్సూరెన్స్ కూడా విడిగా చూపించాలి. ఇంజన్ పేరు మార్చుకుని ట్రాలీని తాత పేరు మీదే వదిలేసిన ఇళ్లు తక్కువేం కాదు. ఆటో, డీసీఎం లాంటి బండ్లకు పర్మిట్ కూడా ఉంటుంది. దానికీ ముప్పై రోజుల్లో తెలియజేయడం, మూడు నెలల్లో దరఖాస్తు చేయడం అన్న నియమం 82వ సెక్షన్‌లో ఉంది, లేఖలో ఒక వాక్యం ఎక్కువ రాస్తే సరిపోతుంది.

బండి మీద అప్పుంటే ఫైనాన్స్ కంపెనీ సమ్మతి లేకుండా పేరు మారదు. వాళ్ల దగ్గరకు వెళ్లినప్పుడు మొదట అడగాల్సింది బకాయి ఎంత అని కాదు, అప్పు ఇచ్చేటప్పుడు దాంతోపాటు ప్రాణ బీమా కట్టించుకున్నారా అని. కట్టించుకుని ఉంటే మిగిలిన వాయిదాలు ఆ బీమా నుంచే తీరిపోవచ్చు.

గడువు ఇప్పటికే దాటిపోతే

ఆర్టీఏ దగ్గర దారి మూసుకుపోదు. ఆలస్యానికి జరిమానా కట్టించుకుని పేరు మారుస్తారు. ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం పోయిన రోజులు తిరిగి రావు, ఆ మధ్య జరిగిన నష్టానికి రక్షణ ఉండదు. అందుకని గడువు దాటిందని తెలిసిన రోజు నుంచి బండిని కదపకుండా నిలిపేసి, వారసత్వ కాగితాలతో వారసుడి పేరు మీద కనీసం థర్డ్ పార్టీ పాలసీ తీసుకోవాలి. ఆ తర్వాతే ఫారం 31. చనిపోయిన వారి పేరు మీద ఇప్పటికే ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసి ఉంటే దాచిపెట్టకుండా కంపెనీకి మెయిల్ పెట్టి పేరు సరిచేయమనాలి. క్లెయిమ్ రాకముందు చెప్పినదానికీ, వచ్చాక బయటపడినదానికీ చాలా తేడా ఉంటుంది.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా కంపెనీ పేరు మార్చకపోయినా, క్లెయిమ్ తిరస్కరించినా మొదట ఆ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు సరిగ్గా లేకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. అక్కడ పనికొచ్చేది మాత్రం తేదీ ముద్ర పడిన ఆ మొదటి లేఖే.

కొత్త ఆర్సీ చేతికొచ్చాక మిగిలేది చిన్న పని, కానీ చాలామంది వదిలేస్తారు. ఆర్సీ, పాలసీ పక్కపక్కన పెట్టుకుని ఇంటిపేరు అక్షరాలు, ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఒకటేనా అని చూసుకోవాలి. ఆర్టీఏ రికార్డులో ఫోన్ నంబరు తండ్రిదే ఉండిపోతే చలాన్ల మెసేజ్‌లు రీఛార్జ్ ఆగిపోయిన ఫోన్‌కు వెళుతుంటాయి. ఫాస్టాగ్ కూడా ఆయన ఖాతాకే ముడిపడి ఉంటుంది. ఆ బ్యాంకు ఖాతా మూసేసిన రోజు టోల్‌గేట్ దగ్గర బండి ఆగిపోతుంది, కాబట్టి ఖాతా మూయడానికి ముందే కొత్త పేరుతో ఫాస్టాగ్ అతికించుకోవాలి.